గోడలో యూఎస్‌బీ సాకెట్లు: పెట్టించాలా, వద్దా?

కావలి కొత్తిల్లు: కావలి కాడ ఇల్లు కట్టుకుంటున్నాం, గోడలు లేచినాయి, వచ్చే వారం ఎలక్ట్రీషియన్ గోడలు కొట్టి బాక్సులు పెడతాడంట. పిల్లోడి చదువు టేబుల్ కాడ, మంచం పక్కన, వంటింటి గట్టు మీద యూఎస్‌బీ ఉండే సాకెట్లు పెట్టిద్దామని నా ఆశ, మా ఆయనేమో దండగ అంటున్నాడు. పెట్టించాలా వద్దా, పెడితే ఎంత ఎత్తులో పెట్టాలి?

కందుకూరు మామూలోడు: మీ ఆయన చెప్పిందే రైటక్కా. అది రాత్రీ పగలూ కరెంటు తాగతానే ఉంటది, ఫోన్ పెట్టకపోయినా. మూడు చోట్ల మూడు పెడితే బిల్లు పెరిగిపోద్ది. మామూలు సాకెట్ పెట్టుకుని చార్జర్ గుచ్చుకుంటే సరిపాయె.

ఒంగోలు వైరింగ్: కరెంటు తాగతానే ఉంటదనేది నిజమే అన్నా, కానీ బిల్లు పెరిగేంత కాదు. ఖాళీగా ఉన్నప్పుడు 0.2 వాట్లు లాగిందనుకో, నెలంతా 24 గంటలు ఉన్నా 0.144 యూనిట్లు, అంటే యూనిట్లో ఏడో వంతు. బిల్లుకి భయపడి మానుకోవాల్సిన పన్లేదు. అయినా దానికి విడిగా స్విచ్ పెట్టమనే నేను చెప్తా, కారణం బిల్లు కాదు: అది గోడలో కూర్చున్న చార్జర్, లోపల చిన్న సర్క్యూట్ ఉంటది, మన ఎండలకి వేడెక్కతా ఇరవై నాలుగ్గంటలు కరెంటు మీదే ఉంటే తొందరగా పోద్ది, ఓల్టేజి ఎగిరినప్పుడు కూడా దెబ్బ దానికే. మామూలు సాకెట్ ఇరవై ఏళ్ళు ఉంటది, ఇది అన్నేళ్ళు ఉంటదని నేను మాటివ్వలేను.

అందుకని అక్కా, యూఎస్‌బీ పెట్టాలా వద్దా అనేది వచ్చే వారం తేలాల్సిన సంగతే కాదు, అది పెయింట్ అయినాక కూడా తేల్చుకోవచ్చు. వచ్చే వారం తేలాల్సింది బాక్స్ ఎక్కడ, ఎంత పెద్దది అనేదే, ఎందుకంటే ప్లాస్టరింగ్ అయినాక దాన్ని జరపాలంటే మళ్ళీ గోడ కొట్టాల్సిందే.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట: అన్నా నాదొక డౌట్. మా హాల్లో టీవీ వెనకాల ఉండే యూఎస్‌బీలో ఫోన్ పెడితే గంటకి పది శాతం కూడా ఎక్కట్లేదు, గోడ యూఎస్‌బీ కూడా అంతేనా?

ఒంగోలు వైరింగ్: అది వేరే తమ్ముడూ, టీవీ వెనక ఉండేది పెన్‌డ్రైవ్ కోసం, అందులో కరెంటు తక్కువ వస్తది. గోడది దానికన్నా నయమే, కాకపోతే కొనేటప్పుడు దాని మీద ఏం రాసుందో చదవాల. పాత రకం 5 ఓల్టులు 2.1 ఆంపియర్లు, అంటే దాదాపు పది వాట్లు, 5000 ఎంఏహెచ్ ఫోన్‌కి రెండున్నర మూడు గంటలు పడద్ది. రెండు రంధ్రాలున్నా ఆ పది వాట్లు రెండూ పంచుకునేవి ఎక్కువ, రెండు ఫోన్లు పెడితే రెండూ నీరసంగానే ఎక్కతాయి. తొందరగా ఎక్కించే టైప్ సీ పీడీ 20 వాట్లది అయితే ఫోన్‌కి బాగుంటది. లాప్‌టాప్‌కి అదీ చాలదు, 65 వాట్లు అడిగే లాప్‌టాప్ దాంట్లో పెడితే చార్జ్ అవుతున్నట్టు చూపించి కూడా వాడతా ఉంటే బ్యాటరీ దిగతానే ఉంటది.

అందుకే చదువు టేబుల్ కాడ యూఎస్‌బీ ముఖ్యం కాదు, 6 ఆంపియర్ల సాకెట్లే ముఖ్యం, కనీసం మూడు. టేబుల్ 30 అంగుళాలు ఉంటే బోర్డు కింద అంచు నేల నించి 36 అంగుళాల కాడ పెట్టించండి, పుస్తకాలు ఆనుకోవు, పిల్లోడు వంగాల్సిన పన్లేదు. అడాప్టర్లు లావుగా ఉంటాయి కదా, పక్క సాకెట్‌ని మూసేస్తాయి, అందుకే రెండు సాకెట్లకి మధ్యలో స్విచ్ వచ్చేట్టు అమర్చమనండి. కిటికీ కింద మాత్రం వద్దు, మన కాడ అక్టోబర్, నవంబర్ వానలకి తూర్పు కిటికీ తెరిచి మర్చిపోతే జల్లు నేరుగా బోర్డు మీదకే.

కావలి కొత్తిల్లు: అన్నా మంచం కాడ చెప్పండి, మా అత్తమ్మకి రాత్రిళ్ళు ఫోన్ పక్కనే ఉండాల.

ఒంగోలు వైరింగ్: మంచం కాడ అయితే నేను పెట్టమనే అంటా, పెద్దోళ్ళు చీకట్లో చార్జర్ వెతుక్కోనక్కర్లే. గది గోడ ఎంత, మంచం ఎంత?

కావలి కొత్తిల్లు: గోడ 11 అడుగులు, మంచం ఇప్పుడు 5 అడుగుల వెడల్పుది, ముందుముందు 6 అడుగులది కొనొచ్చు.

ఒంగోలు వైరింగ్: అయితే గోడ మధ్య నించి కొలవండి. 5 అడుగుల మంచం అంటే మధ్య నించి 30 అంగుళాలు, 6 అడుగులదైతే 36. చాలామంది ఇప్పుడున్న మంచం చూసి 36 కాడ బాక్స్ పెడతారు, పెద్ద మంచం కొన్నాక బోర్డు సగం దాని వెనక్కి పోద్ది. 42 అంగుళాల కాడ పెడితే ఏ మంచానికైనా బయటే ఉంటది, మూలకి ఇంకా 24 అంగుళాలు మిగులుద్ది. ఎత్తు, పక్కన బల్ల 22 అంగుళాలు అనుకుంటే బోర్డు కింద అంచు 27 కాడ.

ఇంక బాక్స్ లెక్క. మాడ్యూల్ అంటే బోర్డులో ఒక స్విచ్ పట్టే చోటు. సాకెట్ 2 మాడ్యూళ్ళు, దాని స్విచ్ 1, యూఎస్‌బీ 1, దాని స్విచ్ 1, లైట్‌కి టూవే స్విచ్ 1, మొత్తం 6. సరిగ్గా 6 మాడ్యూళ్ళ బాక్స్ పెడితే ఈరోజుకి సరిపోద్ది, రేపు యూఎస్‌బీది పోయి 2 మాడ్యూళ్ళ టైప్ సీది తెచ్చుకుంటే కూర్చోదు. 8ది పెట్టి రెండు ఖాళీలకి బ్లాంక్ ప్లేట్లు వేయించండి. యూఎస్‌బీది వెనక భాగం స్విచ్ కన్నా లోతు, ఇరుకు బాక్స్‌లో వైర్లు నొక్కుకుపోతే వేడి పెరుగుద్ది. ఆ పాయింటు ఇన్వర్టర్ లైన్‌లో కలపమనండి. ఇంకోటి, ఒక కంపెనీ మాడ్యూల్ ఇంకో కంపెనీ ప్లేట్‌లో చాలాసార్లు సరిపోదు, కాబట్టి ఊళ్ళో దొరికే రకమే తీసుకోండి.

దర్గామిట్ట అమ్మ: నేనొకటి చెప్పనా, మా వంటింట్లో యూఎస్‌బీ పెట్టించి రెండేళ్ళకి పాడైపోయింది. స్టవ్వుకి పక్కనే ఉండేది, పోపు వేసినప్పుడల్లా నూనె ఆవిరి, పిన్ను గుచ్చితే ఫోన్ చార్జ్ అవుతుంది ఆగుతుంది అవుతుంది ఆగుతుంది. తడి చేత్తో ఫోన్ ముట్టుకుంటే సన్నగా జిల్లుమనేది, భయమేసి మానేశాం.

ఒంగోలు వైరింగ్: అక్కా ఆ రంధ్రం ఎప్పుడూ తెరుచుకునే ఉంటది, జిడ్డు లోపలికి పోయి పిన్నులు పట్టవు, సముద్రం గాలి ఉన్న ఊళ్ళలో ఇంకా తొందరగా నల్లబడతాయి. ఫోన్ ఎక్కుతా ఆగుతా ఉండడం, ప్లేట్ ఖాళీగా ఉన్నా వెచ్చగా తగలడం, సన్నగా కీచుమనడం, ఈ మూడిట్లో ఏది కనబడినా స్విచ్ ఆపేసి మార్పించాల. జిల్లుమనడం ఎర్త్ లేని మంచి చార్జర్లలో కూడా కొద్దిగా ఉంటది, కానీ తడి చేతుల కాడ తేలిగ్గా తీసుకోకూడదు, షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ఇంట్లో ఉందో లేదో చూపించుకోండి. నా మాట అయితే గట్టు మీద యూఎస్‌బీ వద్దే వద్దు. మిక్సీకి, గ్రైండర్‌కి సాకెట్లు గట్టు నించి 10 అంగుళాల పైన, సింకుకీ స్టవ్వుకీ 2 అడుగుల దూరం.

కొండపి రైతుబిడ్డ: నేనొప్పుకోనన్నా. మా వంటింట్లో ఫ్రిజ్ పక్క పొడి మూలలో నాలుగేళ్ళ నించి ఉంది, ఏ ఇబ్బందీ లేదు. చోటు మంచిదైతే వంటింట్లోనైనా ఉంటది.

ఒంగోలు వైరింగ్: పొడి మూలైతే నీ మాటా కొట్టెయ్యలేను తమ్ముడూ. కానీ మీ ఊరికి సముద్రం దూరం, కావలికి దగ్గర.

కందుకూరు మామూలోడు: బిల్లు సంగతి ఒప్పుకుంటున్నా. అయినా చార్జర్ పోతే షాపుకెళ్ళి నేనే కొనుక్కుంటా, గోడది పోతే ఎలక్ట్రీషియన్ కోసం వారం ఎదురుచూడాల, ఆ మాట మీద నేనుంటా.

కావలి కొత్తిల్లు: ఇట్టా చేస్తా: టేబుల్ కాడ మూడు సాకెట్లు, మంచం కాడ 8 మాడ్యూళ్ళ బాక్స్ ఇన్వర్టర్ లైన్‌లో, వంటింట్లో ఫ్రిజ్ పక్క బాక్స్ మాత్రం పెట్టించి బ్లాంక్ వేయిస్తా. మా ఆయన మంచానికి రెండో పక్క కూడా బాక్స్ కావాలంటున్నాడు ఇప్పుడు, ఆ పక్క కబోర్డ్ తలుపు తెరుచుకుంటది, తలుపు తగలకుండా ఎంత వదలాల?

ఒంగోలు వైరింగ్: తలుపు ఎంత వెడల్పో, ఏ వైపుకి తెరుచుకుంటదో కొలిచి పెట్టండక్కా, చూసి చెప్తా.