కడియం ఉపరితలం: మధ్య గీత పొడవుతో గుణిస్తే సరిపోతుందా?

హారిక (అడిగినవారు): కడియంలా గుండ్రంగా చుట్టిన గొట్టం ఆకారాన్ని టోరస్ అంటారు, దాని ఉపరితల వైశాల్యం 4π²rR అని చెప్పారు. అంటే గొట్టం చుట్టుకొలత 2πr ని దాని కేంద్రం తిరిగిన దూరం 2πR తో గుణించడమే. కానీ లోపలి అంచు తక్కువ దూరం తిరుగుతుంది, బయటి అంచు ఎక్కువ తిరుగుతుంది. మధ్య దూరం ఒక్కటే తీసుకుంటే అది ఉజ్జాయింపా, ఖచ్చితమా?

భాస్కర్: ఉజ్జాయింపేనండి. సన్నటి తీగతో పెద్ద రింగు చేస్తే తేడా కనబడదు, అంతే. లావు రింగులో బయట సాగింది ఎంతో, లోపల కుదించుకుంది ఎంతో, ఆ రెండూ సమానమని గ్యారంటీ ఏమిటి? పైగా గొట్టం పైవైపు, కింది వైపు ఏటవాలుగా ఉంటాయి. అక్కడ చుట్టుకొలత ప్రతి మిల్లీమీటరుకూ మారిపోతుంది.

రమణ, పూత పని: మాది చిలకలపూడి, రోల్డ్ గోల్డ్ పని. నాకూ ఇదే లెక్క కావాలి. 2-6 సైజు కడియం, తీగ మందం 6 మి.మీ. దీనికి ఒక మైక్రాను బంగారం పూత వేస్తే ఎంత బంగారం పడుతుంది? లోపలి వ్యాసం 60 మి.మీ. పెట్టి నేను లెక్క వేస్తున్నాను, ప్రతిసారీ బంగారం ఎక్కువే ఖర్చవుతోంది.

కిశోర్: దీనికి 2π²r²R వాడాలి కదా. అందులో r = 3, R = 33 పెట్టండి, వచ్చేస్తుంది.

వసంత, లెక్చరర్: కిశోర్ గారూ, అది ఘనపరిమాణం. కడియం మొత్తం బంగారమైతే బరువు కట్టడానికి పనికొస్తుంది. పూత పడేది పైభాగం మీదే కదా.

భాస్కర్ గారూ, ఏటవాలు సంగతి మీరు సరిగ్గానే పట్టుకున్నారు. కాబట్టి గుండ్రని గొట్టాన్ని కాసేపు పక్కన పెట్టి, అడ్డకోత ఎనిమిది పలకలుగా ఉండే కడియాన్ని ఊహించండి, పలకలన్నీ సమానం. ఒక్కో పలక ఒక్క చుట్టు తిరిగితే ఏర్పడేది పైభాగం కోసేసిన శంకువు పక్కతలం. దాని వైశాల్యం పదో తరగతిలోనే నేర్చుకున్నాం: π(r₁ + r₂) × ఏటవాలు పొడవు. r₁, r₂ ల సగటు అంటే పలక మధ్యబిందువు అక్షానికి ఉన్న దూరమే. కాబట్టి పలక పొడవును దాని మధ్యబిందువు తిరిగిన దూరంతో గుణిస్తే సరైన వైశాల్యమే వస్తుంది. ఇక్కడ ఉజ్జాయింపు ఏమీ లేదు.

ఇప్పుడు ప్రతి పలకనూ దాని ఎదుటి పలకతో జత చేయండి. ఒకదాని మధ్యబిందువు అక్షానికి R + x దూరంలో ఉంటే, ఎదుటిదాని మధ్యబిందువు R − x దూరంలో ఉంటుంది. పొడవులు సమానం కనుక x కొట్టుకుపోతుంది. ఇలా నాలుగు జతలూ కలిపితే ఎనిమిది పలకల మొత్తం పొడవు × 2πR. పలకలను పదహారు చేసినా, వెయ్యి చేసినా మాట ఇదే. అంచుల సంఖ్య పెరిగేకొద్దీ మొత్తం పొడవు 2πr ని చేరుతుంది, ఫలితం 4π²rR. తీగ లావా, సన్నమా అన్న ప్రశ్న ఈ వాదనలో ఎక్కడా రాలేదు, గమనించండి.

భాస్కర్: జత చేయడం ఒప్పుకుంటాను. అయినా నాకు బయటి సగం, లోపలి సగం విడివిడిగా కావాలి. సగాలు తెలియకుండా మొత్తాన్ని నమ్మడం కష్టం.

వసంత: విడివిడిగానే చూద్దాం. అర్ధవృత్త చాపం గురుత్వ కేంద్రం వృత్త కేంద్రానికి 2r/π దూరంలో ఉంటుంది. కనుక బయటి సగం పొడవు πr, అది తిరిగే దూరం 2π(R + 2r/π). గుణిస్తే 2π²rR + 4πr². లోపలి సగం 2π²rR − 4πr². ఆ 4πr² ఏమిటో చూశారా? తీగ వ్యాసార్థమే ఉన్న ఒక గోళం ఉపరితలం. కడియం ఎంత పెద్దదైనా బయటి సగం ఒక గోళమంత పెరుగుతుంది, లోపలి సగం అంతే తగ్గుతుంది. ఆ తేడాలో R ఊసే ఉండదు. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే.

రమణ గారి కడియానికి వేస్తే r = 3, లోపలి వ్యాసార్థం 30 కి 3 కలిపితే R = 33. మొత్తం సుమారు 3,908 చ.మి.మీ. అందులో బయటి సగం 2,067, లోపలి సగం 1,841. ఒక మైక్రాను పూతకు బంగారం దాదాపు 75 మి.గ్రా. మీరు R బదులు 30 పెడితే 3,553 వస్తుంది, తొమ్మిది శాతం తక్కువ. గాజు సైజు ఎప్పుడూ లోపలి వ్యాసమే చెబుతుంది కాబట్టి తీగ మందంలో సగం కలపడం మరిచిపోకండి.

రమణ, పూత పని: ఇన్నాళ్లూ ఆ సగం కలపలేదండి. కానీ మా దగ్గర ఎక్కువ నడిచేది లోపల చదునుగా, బయట అర్ధవృత్తంలా ఉండే కడియం. దానికీ మధ్యలో గీత గీసి గుణించవచ్చా?

వసంత: అక్కడే జాగ్రత్త. రెండు భాగాలుగా వేయండి. చదును వెడల్పు 6, వ్యాసార్థం 30, అది 1,131. బయటి వంపు పొడవు 9.42, దాని గురుత్వ కేంద్రం 30 + 1.91 దగ్గర ఉంటుంది, 1,890 వస్తుంది. మొత్తం సుమారు 3,021. చాలామంది ఇక్కడ 1.91 బదులు 1.27 పెడతారు. 1.27 అనేది నిండు అర్ధవృత్తపు గురుత్వ కేంద్రం, ఘనపరిమాణానికి వాడాల్సింది. ఉపరితలానికి అంచు గీత గురుత్వ కేంద్రమే తీసుకోవాలి. పూర్తి వృత్తంలో రెండూ ఒకే చోట పడతాయి కనుక ఈ తప్పు బయటపడదు.

హారిక: మేడం, R ని తగ్గించుకుంటూ పోతే? R సున్నా అయితే సూత్రం సున్నా చెబుతోంది. కానీ వృత్తం వ్యాసం చుట్టూ తిరిగితే గోళం వస్తుంది కదా!

వసంత: బాగా పట్టుకున్నావమ్మా. తిరిగే గీత అక్షాన్ని దాటకూడదన్నదే షరతు. R = r దాకా సూత్రం నిలుస్తుంది, అంతకన్నా తగ్గితే వృత్తంలో కొంత అక్షం అవతలికి పోతుంది. ఆ ముక్క వైశాల్యం లెక్కలో రుణంగా పడి మిగతాదాన్ని తినేస్తుంది. గోళం కావాలంటే అర్ధవృత్తాన్నే తిప్పు: πr × 2π × 2r/π = 4πr².

సత్తార్, రెయిలింగు పని: లెక్క కాగితం మీద కుదురుతుందేమో. నేను గుండ్రని రెయిలింగు కోసం పైపు వంచుతాను. బయటి గోడ పలచనవుతుంది, లోపలి గోడ ముడతలు పడి మందమవుతుంది. మధ్య గీత పొడవుకు కోస్తే రింగు కలిసే చోట కొలత అటూ ఇటూ అవుతుంది. మరి మధ్య గీత మారలేదని ఎలా అంటారు?

వసంత: సూత్రం తయారైన రింగు ఆకారం గురించి మాత్రమే చెబుతుంది సత్తార్ గారూ. వంచకముందు పైపు పొడవు ఎంత ఉండేదో దానికి సంబంధం లేదు. వంచిన రింగు మీద R కొలిచి రంగు లెక్క వేయండి, అడ్డకోత గుండ్రంగా ఉన్నంతవరకు సరిపోతుంది.

సత్తార్, రెయిలింగు పని: అడ్డకోత గుండ్రంగా ఎక్కడుంటుందండి, కాస్త నొక్కుకుపోయి కోడిగుడ్డులా అవుతుంది.

భాస్కర్: గుడ్డులా అయినా ఎదురెదురు ముక్కలు జత కుదిరితే చాలు, చుట్టుకొలత × 2πR వస్తుంది. లోపలి వైపు, బయటి వైపు నొక్కులు వేరుగా ఉంటేనే జత చెడుతుంది. మీ పైపులో ఏ వైపు ఎక్కువ నొక్కుకుంటుందో చెప్పండి.

సత్తార్, రెయిలింగు పని: బయటి వైపే ఎక్కువ చదునవుతుంది. ఎంతన్నది పైపు మందాన్ని బట్టి మారుతుంది, ఒకటి కోసి వెర్నియర్‌తో కొలిచాక రాస్తాను.