ఒక్క గదిలోనే ఏసీ: కరెంటు బిల్లు ఎలా పంచాలి?

కొండాపూర్_కొత్త: త్రీ బీహెచ్‌కే, నలుగురం, ఎవరికెవరం ముందు తెలియదు. ఒక గదిలో మాత్రమే ఏసీ ఉంది, ఆ గదిలో ఒక్కడే. ఫిబ్రవరిలో 240 యూనిట్లకు 1,440 వచ్చింది. ఏప్రిల్‌లో 400 యూనిట్లకు 2,800. నాలుగు సమాన వాటాలంటే మిగతా ముగ్గురూ ఒప్పుకోవట్లేదు.

సూటిగా: లెక్క సింపుల్ బ్రో. ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్ లాగుతుంది. రాత్రి 8 గంటలు వేస్తే నెలకు 360 యూనిట్లు. ఆ డబ్బు అతనే కట్టాలి.

మీటర్ రావు: అలాగైతే మిగతా ఇల్లంతా 40 యూనిట్లతో నడిచిందా? గది చల్లబడ్డాక కంప్రెసర్ ఆగుతుంది, ఇన్వర్టర్ ఏసీ అయితే వేగం తగ్గిస్తుంది. ఊహలు వద్దు. ఏసీకి మామూలుగా మెయిన్ బోర్డులో విడిగా ఎంసీబీ స్విచ్ ఉంటుంది. ఓనర్‌కి చెప్పి, ఎలక్ట్రీషియన్‌తో ఆ లైన్ మీదే చిన్న సబ్‌మీటర్ పెట్టించండి. ప్లగ్గులో పెట్టే చవక మీటర్లు వద్దు, ఆ లోడుకి కాలిపోవచ్చు. బిల్లు కొట్టేవాడు వచ్చిన రోజే సబ్‌మీటర్ ఫోటో తీసి గ్రూపులో వేయండి. ఒకటో తారీఖున తీస్తే రెండు రీడింగులూ కలవవు, గొడవ మళ్లీ మొదటికే.

సబ్‌మీటర్ 160 చూపించిందనుకుందాం. మిగిలిన 240ని నాలుగు భాగాలు చేస్తే తలా 60. సగటు యూనిట్ ధర 7 రూపాయలు. ఏసీ అతను 220 యూనిట్లకు 1,540, మిగతావాళ్లు తలా 420.

లక్ష్మి_మియాపూర్: అడ్వాన్స్ గురించి కూడా చెప్పండి ప్లీజ్. మధ్యలో ఖాళీ చేస్తే నా వాటా ఓనర్ ఇస్తాడా?

మీటర్ రావు: అగ్రిమెంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే ఇస్తాడమ్మా. మీ స్థానంలో వచ్చే అమ్మాయి దగ్గర తీసుకోవడమే సులువు. యూపీఐలో పంపించుకోండి, రుజువు ఉంటుంది.

స్లాబ్_సుందరి: రావుగారూ, సగటు ధర దగ్గర నాకు అభ్యంతరం. యూనిట్లు పెరిగేకొద్దీ పై స్లాబు రేటు పడుతుంది. ఏసీ లేనప్పుడు ఆ 240కి 1,440 అయింది, అంటే తలా 360. మీ లెక్కలో ముగ్గురూ అరవై అరవై ఎక్కువ కడుతున్నారు. పెరిగిన 1,360 మొత్తం ఏసీ అతనిదే అయితే అతని వాటా 1,720.

మీటర్ రావు: నిజమే, కానీ పై స్లాబుకి అతనొక్కడే కారణమా? చలికాలంలో గీజర్ ఎక్కువ వాడేవాళ్లకీ అదే రూలు పెడతారా?

స్లాబ్_సుందరి: గీజర్ అందరూ వాడతారు కదండీ.

సూటిగా: అందరూ వాడరు. నేను చన్నీళ్లే 😄

కొండాపూర్_కొత్త: సబ్‌మీటర్‌కి నలుగురూ ఓకే. దాని ఖర్చు అతను పెట్టుకుంటానన్నాడు. 1,540 దగ్గర ఆగాడు, వీళ్లు 1,720 అంటున్నారు. ఆ 180 మీద ఇంకా నడుస్తోంది.