సర్వే చేసే ఇళ్ల సంఖ్య టీఓఆర్‌లో మనమే రాయాలా, కన్సల్టెంట్‌కి వదిలేయాలా?

మెట్టచేను: మా సంస్థ మూడేళ్లలో 4 మండలాల్లోని 60 ఊళ్లలో 2,400 మంది సంఘం మహిళలకు మేకల యూనిట్లు ఇచ్చింది. ఇంటికి 5 మేకలు. ఇప్పుడు బయటి కన్సల్టెంట్‌తో మూల్యాంకనం చేయించాలి. మొదట్లో బేస్‌లైన్, అంటే యూనిట్లు ఇవ్వకముందు ఇళ్ల పరిస్థితి లెక్క, తీయలేదు. బడ్జెట్ 9 లక్షలు. ఎన్ని ఇళ్లు సర్వే చేయాలో టీఓఆర్‌లో, అంటే కన్సల్టెంట్ చేయాల్సిన పని రాసిచ్చే పత్రంలో, మేమే రాయాలా, వాళ్లకే వదిలేయాలా?

అంకెలమూట: మీరే రాసేయండి. 2,400 మందికి 95 శాతం నమ్మకం, 5 శాతం అటూఇటూ తేడాతో లెక్క కడితే 331 వస్తుంది. వదిలేస్తే ఒకరు 150 అంటారు, ఇంకొకరు 800 అంటారు. అప్పుడు ధరలు పోల్చడం మీ వల్ల కాదు.

సమాఖ్యలెక్కలు: ధరలు పోల్చడం గురించి అన్నమాట నిజమే. కానీ ఆ 331 అనేది 2,400 పేర్లు ఒకే డబ్బాలో వేసి లాటరీ తీస్తేనే చెల్లుతుంది. టీఓఆర్‌లో ఒట్టి 331 అని ఉంటే ఏమవుతుందో చూడండి. జీపు ఖర్చు మిగుల్చుకోవడానికి 17 ఊళ్లు పట్టుకుని, ఊరికి 20 ఇళ్ల చొప్పున పూర్తి చేస్తారు. ఒక ఊరి మేకలన్నీ ఒకే బీడులో మేస్తాయి. పారుడు రోగం వస్తే ఊరంతా వస్తుంది. టీకా వేసేవాడు రాకపోతే ఎవరికీ రాడు. అందుకే ఆ 20 ఇళ్లు 20 వేర్వేరు సంగతులు చెప్పవు.

ఒకే ఊరి ఇళ్ల మధ్య పోలిక 0 నుంచి 1 కొలతలో 0.1 అనుకుందాం. ఊరికి 20 ఇళ్లయితే, ఒకటి పోగా మిగిలిన 19ని ఆ పోలికతో గుణించి 1 కలపాలి: 1 + 19 × 0.1 = 2.9. 331ని దానితో భాగిస్తే 114 ఇళ్ల విలువే మిగులుతుంది, తేడా 9 శాతం దాకా పోతుంది. అవే ఇళ్లు 42 ఊళ్లలో ఊరికి 8 చొప్పున తీస్తే భాజకం 1.7. అప్పుడు 195 ఇళ్ల విలువ, తేడా సుమారు 7 శాతం. కాబట్టి టీఓఆర్‌లో బిగించాల్సింది మొత్తం ఇళ్లు కాదు. "కనీసం 40 ఊళ్లు, ఊరికి 8 ఇళ్లకు మించకూడదు, పేర్లు గ్రామ సమాఖ్య జాబితా నుంచి లాటరీలో" అని రాయండి. మొత్తం ఎంతో, ఎందుకో వాళ్లనే ప్రతిపాదించమనండి.

గట్టుమీద: ఇళ్ల సంఖ్య కన్నా మనుషుల సంగతి చూసుకోండి. మాకు ప్రతిపాదనలో పెద్ద ప్రొఫెసర్ల సీవీలు పెట్టారు, ఊళ్లకొచ్చింది నిన్న డిగ్రీ అయిన పిల్లలు. ఎవరు ఎన్ని రోజులు ఫీల్డులో ఉంటారో పేరువారీ పట్టిక అడగండి. మనిషిని మార్చాలంటే మీ రాతపూర్వక అనుమతి ఉండాలని షరతు పెట్టండి.

మెట్టచేను: అది కలుపుతాం. బేస్‌లైన్ లేదు కదా, మూడేళ్ల కింద ఆదాయం ఎంతో ఇప్పుడు అడిగించమంటారా?

సమాఖ్యలెక్కలు: వద్దండి. అప్పటి ఆదాయం ఎవరికీ గుర్తుండదు, మీకేం కావాలో ఊహించి ఆ అంకె చెబుతారు. మేకలు మాత్రం గుర్తుంటాయి, ఏ మేక ఏ జాతరకు పోయిందో కూడా చెబుతారు. ప్రతి ఇంటా మంద లెక్క తీయాలని రాయండి. ఇచ్చినవి 5, పుట్టినవి 9, చచ్చినవి 4, అమ్మినవి 3, కోసుకున్నది 1. అంటే దొడ్లో 6 ఉండాలి. సర్వేయరు వెళ్లి లెక్కపెడితే 4 ఉన్నాయనుకోండి, ఆ రెండూ ఏమయ్యాయో అక్కడే అడగాలి. చాలాసార్లు చచ్చినవి తక్కువ చెప్పి ఉంటారు, లేదా అప్పు కింద ఎవరికో తోలి ఉంటారు. అమ్మకాలు "గత 12 నెలల్లో" అని అడగాలి. బక్రీద్ ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంది కాబట్టి ఒక్క నెల అమ్మకాలు చూస్తే మోసపోతారు.

అయితే ఇది మందకు ఏమైందో చెబుతుంది గానీ, మీ యూనిట్ లేకపోతే ఆ ఇల్లు ఎలా ఉండేదో చెప్పదు. దానికి యూనిట్లు ఇవ్వని ఊళ్లూ కావాలి. 9 లక్షల్లో అది కుదరకపోవచ్చు. అందుకని టీఓఆర్‌లో "ప్రభావం" అనే మాట వాడకండి.

అంకెలమూట: ఆ మాట లేకపోతే నిధులిచ్చినవాళ్లు ఒప్పుకుంటారా? పైగా 40 ఊళ్లంటే ఖర్చు పెరుగుతుంది.

సమాఖ్యలెక్కలు: ఊరికి ఇద్దరు సర్వేయర్లు, రోజుకు ఒక్కొక్కరికి నాలుగేసి ఇళ్లు. నలుగురు సర్వేయర్లుంటే 20 రోజులు, అంతే. 9 లక్షల్లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో మాత్రం తప్పక రాయండి. కలిసి ఉంటే చేతికొచ్చేది సుమారు 7.63 లక్షలే. నేనైతే బడ్జెట్ కూడా బయటపెడతాను, ఆ డబ్బుకు ఎవరు ఎంత పని చేస్తారో తేలుతుంది.

గట్టుమీద: అక్కడ మాత్రం ఒప్పుకోను. అంకె తెలిస్తే అందరూ 8.9 లక్షలే కోట్ చేస్తారు.

మెట్టచేను: "ప్రభావం" మాట గురించి నిధులిచ్చినవాళ్లతో సోమవారం మాట్లాడతాను. ఊళ్ల నిబంధన, మంద లెక్క ఇప్పుడే చిత్తుప్రతిలో పెడుతున్నా. బడ్జెట్ గడి ఖాళీగా ఉంచాను.