అర్ధాయువా, అర్థాయువా? సగమా, సగటా?

గోదారి గట్టు: ఇంటర్‌లో ఫిజిక్స్ మాస్టారు అన్న మాట ఒకటి రెండు రోజులుగా బుర్ర తొలుస్తోంది. "సగం కన్నా సగటే..." అంతవరకే గుర్తుంది. చివర "పెద్దది" అన్నారా, "ముదురు" అన్నారా? రేడియోధార్మికత పాఠమే, అర్థాయువుకీ సగటు ఆయువుకీ తేడా చెబుతున్నప్పుడు.

కత్తెర కలం: ముందు "అర్థాయువు" అని రాయడం మానండి. లోపల చుక్క ఉంటే డబ్బు, చుక్క లేని ధ అయితేనే సగం.

పాత పంతులు: భర్తృహరి ఏనాడో చెప్పాడు. నూరేళ్లలో సగం రాత్రికి పోతే, మిగిలిన సగంలో సగం బాల్యానికీ ముసలితనానికీ పోతుందట. సగంలో సగం, అదే కదా ఈ లెక్క?

మునగాకు: మా అమ్మకి థైరాయిడ్‌కి అయోడిన్-131 ఇచ్చారు. అర్ధాయువు, అంటే సగం పరమాణువులు విఘటన చెందే కాలం, 8 రోజులన్నారు. 16 రోజులకి మొత్తం పోతుందనుకున్నాం.

లెక్కల గది: పోదండి, 16వ రోజుకి ఇంకా పావు వంతు ఉంటుంది. ఒంట్లోంచి మూత్రంతో బయటికి పోయేది వేరే లెక్క. అసలు "ఆయువు" అన్న మాటే దారి తప్పిస్తోంది. పరమాణువుకి ముసలితనం లేదు పంతులుగారూ. 8 రోజులు నిలిచినదీ ఇప్పుడే పుట్టినదీ ఒకటే, దానికి ముందున్న సగటు కాలం ఏమీ తగ్గదు. వెయ్యి పరమాణువులుంటే 8 రోజుల్లో 500 పోతాయి. మొదటి రోజుల్లోనే ఎక్కువ పోతాయి కాబట్టి వీటి సగటు 4 రోజులకి లోపే, సుమారు మూడున్నర. మిగతా 500 ఎనిమిదేసి రోజులు గడిపేసి, ఆపైన ఇంకో పూర్తి సగటు కాలం ఉంటాయి. రెండు గుంపులూ సమానం కాబట్టి:

సగటు = (3.5 + 8 + సగటు) / 2

అంటే సగటు 11.5 రోజులు. 8 మీద మొదటి గుంపు బతికిన మూడున్నర అచ్చంగా కలిసింది. ఆ ముక్క సున్నా కాలేదు కాబట్టి ఏ మూలకానికైనా సగటే పెద్దది.

కత్తెర కలం: సగటు 11.5 అయితే, ఆ రోజుకి సగం మిగలాలి కదా?

లెక్కల గది: 37 శాతమే మిగులుతాయి. చాలాకాలం నిలిచే కొన్ని సగటుని పైకి లాగేస్తాయి. వీధిలో ఒక్క కోటీశ్వరుడుంటే సగటు జీతం పెరిగినట్టే.

పాత పంతులు: మరి విఘటన స్థిరాంకం ఎక్కడ?

లెక్కల గది: సగటుని తలకిందులు చేస్తే అదే. 1/11.5, రోజుకి సుమారు 0.087. ఒక పరమాణువు పోయే అవకాశం ఏ రోజైనా ఒకటే. అందుకే నాకు సగటే అసలు కొలత, సగం మన సౌకర్యం.

గోదారి గట్టు: ఇంతకీ పెద్దదా, ముదురా?

మునగాకు: మా దగ్గర సగటు అనం అన్నా, సరాసరి అంటాం. అప్పుడు మీ మాస్టారి ప్రాసే పోయింది.