గానుగ నూనె లేబుల్ మీద ఏం రాయాలి?

గుంటూరులో చెక్క గానుగ మీద వేరుశనగ నూనె ఆడిస్తున్నాం. మా తమ్ముడు లేబుల్ మీద "బయటి కల్తీ నూనె కాదు" అని రాయించాడు. పక్క వీధి గానుగాయన సీసా తిప్పి చూసి, "అంటే మాది కల్తీ అనా అన్నా?" అన్నాడు. సిగ్గేసింది.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారం, ఒకే పదార్థం ఉండి, ఏమీ కలపకపోతేనే "ప్యూర్" అనాలట. మాది అంతే. కాబట్టి ఇలా మార్చాను: "వేరుశనగ గింజలు మాత్రమే. వేడి చేయకుండా చెక్క గానుగలో ఆడించి, తేర్చి, గుడ్డతో వడకట్టినది."

చిక్కల్లా లేబుల్ మీద వేసే గింజల ఊరి పేరుతోనే. గింజలు అనంతపురంవే, కానీ కొరత వచ్చినప్పుడు మార్కెట్లో కొంటాం, అవి ఎక్కడివో తెలియదు. ఆ బ్యాచ్ సీసాల మీద ఊరు తీసేస్తే చాలా, వేరే లేబులే వేయించాలా? ఈ పని చేసినవాళ్లు చెప్పండి.