నాలుగో జ్వరం: లేచిన పురుగుకు వెంటనే ఆకు వేయాలా, అన్నీ లేచేదాకా ఆగాలా?

మడకశిర కోడలు:
పట్టుపురుగుల కోర్సులో "జ్వరం నుంచి నూటికి 95 పురుగులు లేచేదాకా ఆకు వేయకండి" అని నేర్పారు. మా మామగారు మాత్రం తెల్లవారుజామున పది పురుగులు తల ఎత్తితే చాలు, కొమ్మలు పరిచేస్తారు. ఆకలిగా ఉన్నదాన్ని మాడ్చి చంపుతావా అని నన్నే అంటారు. పోయిన పంటలో నాలుగు రోజుల పాటు పురుగులు గూడు కట్టడానికి పండుతూనే ఉన్నాయి. ఎవరి మాట సరైంది?

కొత్త షెడ్డు:
జ్వరం వచ్చిందంటున్నారు, మందు ఏమీ కొట్టలేదా? నేను వచ్చే నెల మొదలుపెడుతున్నా. జ్వరానికి ఏ పౌడరు వాడాలో చెబితే ముందే తెచ్చి పెట్టుకుంటా.

పాతతోట:
కొత్త షెడ్డు గారూ, ఇది రోగం కాదు. పురుగు ఆకు మానేసి, కదలకుండా కూర్చుని పాత తోలు వదిలే సమయాన్ని మనవాళ్లు జ్వరం అంటారు. గుడ్డు నుంచి గూడు దాకా నాలుగుసార్లు వస్తుంది. మందు కోసం పరిగెత్తకండి.

అమ్మాయీ, ముందు మీ మాటలో ఒక తేడా ఉంది. తల ఎత్తి కదలకుండా ఉన్న పురుగు లేచినట్టు కాదు, అది ఇంకా జ్వరంలోనే ఉంది. దగ్గరికి వంగి చూడండి. జ్వరంలో ఉన్నదాని ఒళ్లు బిగుతుగా మెరుస్తుంది, తల వెనకాల ముదురు రంగు మూడు మూలల మచ్చ కనిపిస్తుంది. లోపల తయారవుతున్న కొత్త తల అది. లేచిన పురుగు వేరు. తల ఒంటికి మించి పెద్దగా ఉంటుంది, తోలు వదులుగా ముడతలు పడి ఉంటుంది, ఆకు వెతుక్కుంటూ పాకుతుంది. పొద్దున ఆరింటికి రెండో రకం ఎన్ని ఉన్నాయో ఒక అడుగు చోటులో లెక్కపెట్టి చూడండి. అప్పుడు మాట్లాడదాం.

సీమ రైతుబిడ్డ:
లెక్కలు పుస్తకాల వాళ్లకు. మా షెడ్డులో నాలుగో జ్వరం ఒకటిన్నర రోజు నడుస్తుంది. మొదట లేచినది అంతసేపు ఖాళీ కడుపుతో కూర్చుంటే ఇంకేం గూడు కడుతుంది? 95 అనే లెక్క చిన్నప్పటి చాకీ పురుగులకు. పెద్ద పురుగులకు కాదు.

పాతతోట:
ఒక్కో పురుగు జ్వరంలో ఉండే సమయమే ఒకటిన్నర రోజు దాకా ఉంటుంది. మొదటిది లేచిన దగ్గర్నుంచి ఆఖరిది లేచేదాకా పట్టే సమయం వేరు. మీరు రెండూ కలిపేస్తున్నారు. పెంపకం సమంగా నడిచిన బ్యాచ్‌లో ఆ తేడా కొన్ని గంటలే. పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికి అన్నీ లేస్తాయి. అన్నీ లేచేదాకా ఆగడం చాకీలో ఎంత ముఖ్యమో నాలుగో జ్వరంలో అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే పురుగు తినే మొత్తం ఆకులో 80 శాతం పైన ఆ తర్వాతి దశలోనే పోతుంది. అక్కడ ఒక పూట తేడా వస్తే చివర్లో ఒక రోజై కూర్చుంటుంది.

సీమ రైతుబిడ్డ:
మరి సున్నం? జ్వరంలో పురుగుల మీద సున్నం చల్లమంటారు కోర్సులో. మా పక్కూరిలో సున్నం పడి పురుగులు ముడుచుకుపోయాయి. కళ్లారా చూశా. దీనికి జవాబు చెప్పండి ముందు.

పాతతోట:
చెబుతా. అప్పుడే నీళ్లు పోసి ఆర్చిన సున్నమైతే, వేడి దిగకముందే వేస్తే ముడుచుకోక ఏమవుతాయి? పూర్తిగా చల్లారి, జల్లించిన పొడి సున్నం వేయాలి. అదీ నూటికి 90 దాకా జ్వరంలో కూర్చున్నాక. దాని పని రెండు. పడక పొడిబారాలి. పురుగుల కింద మిగిలిన ఆకు వాడిపోవాలి, ముందు లేచిన పురుగు దాన్ని కొరకకుండా. అంటే మిగతావి లేచేదాకా దాన్ని ఆపి ఉంచే పని కూడా సున్నమే చేస్తుంది. అన్నీ లేచాక పడకను శుద్ధి చేసే మందు చల్లి, అరగంట ఆగి, అప్పుడు మొదటి ఆకు.

సీమ రైతుబిడ్డ:
ఆపి ఉంచడం అంటే మాడ్చడమే కదా. మాట మార్చి చెప్తున్నారంతే. నేను చాకీ కేంద్రంలో పురుగులు కొని రెండు పంటలు పోగొట్టుకున్నా. రెండో జ్వరం లేచాయని చెప్పి అమ్మారు. ఇంటికి తెచ్చి చూస్తే సగం ఇంకా కూర్చునే ఉన్నాయి. వాళ్లూ మీలాగే 95 లెక్క చెప్పారు. ఎవరి మాట నమ్మాలి?

కొబ్బరి నీడ:
నా అనుమానం తోట మీద. మాకు కొబ్బరి కింద నాలుగు వరుసల వి1 రకం మల్బరీ ఉంది. నీడలో పెరిగిన ఆకు పలచన, నీరు ఎక్కువ. ఒక తట్ట పురుగులకు అదే ఆకు, ఇంకో తట్టకు ఎండ తగిలిన ఆకు వేశాం. మూడో దశ వచ్చేసరికి నీడ ఆకు తట్ట అర రోజు వెనకబడింది. మీ తోటలో ఆకు అంతా ఒకేలా ఉందా?

మడకశిర కోడలు:
మా తోటలో కొబ్బరి లేదు అన్నా. కానీ గట్టు దగ్గర కొమ్మలు ముదిరిపోయి ఉంటాయి. ఆ పక్క కొట్టడం ఎప్పుడూ ఆలస్యమే. ఈసారి అటు కొమ్మలు వేసిన బెడ్డే వెనక ఉంది, నిజమే.

ఈ పొద్దు ఆరింటికి లెక్కపెట్టా. ఒక అడుగు చోటులో 48 పురుగులు. లేచినవి 17. తొమ్మిదింటికి 29. మధ్యాహ్నం ఒంటిగంటకు 33. మామగారు ఏడింటికే కొమ్మలు వేసేశారు, నేను మాట్లాడలేకపోయా.

పాతతోట:
ఆరు నుంచి ఒంటిగంటకు 17 నుంచి 33. తొమ్మిది తర్వాత నాలుగే పెరిగాయి. ఇది ఆకు తేడా ఒక్కటీ కాదు. సమంగా వచ్చిన బ్యాచ్ ఇలా రెండు ముక్కలుగా లేవదు. గుడ్లు మీరే పగిలించుకున్నారా? పురుగుల్ని తట్టలోకి తీసింది ఒకే రోజా, రెండు రోజులా?

మడకశిర కోడలు:
ఇంట్లోనే. 150 తల్లి పురుగుల గుడ్లు. మొదటి రోజు పొద్దున సగం పగిలాయి. మిగతావి రెండో రోజు. తట్టలు చాలక రెండూ కలిపేశాం.

పాతతోట:
ఇప్పుడు దొరికింది. గుడ్డు నీలిరంగుకు తిరిగాక నల్లకాగితం కప్పి చీకట్లో ఉంచి, పగిలే రోజు పొద్దున వెలుతురులోకి తీస్తే ఎక్కువ పాలు ఒకేసారి పగులుతాయి. కిటికీ దగ్గర పెట్టి ఉంటే ముందు రోజే కొన్ని మొదలవుతాయి. రెండో రోజు పగిలినవాటిని వేరే తట్టలో పెట్టుకోవాల్సింది. కలిపేశాక 95 లెక్క మీ షెడ్డులో పనిచేయదు. ఆగితే ముందు రోజువి నిజంగానే మాడతాయి. ఆగకపోతే వెనకవి ఆకు కింద పూడిపోయి, లేచేసరికి వాడిన ఆకు తింటాయి. మీ మామగారు తప్పు కాదు, కోర్సు తప్పు కాదు. తప్పు తట్టలో ఉంది.

సీమ రైతుబిడ్డ:
అదే నేను మొదటి నుంచీ చెప్పేది! లెక్క పనిచేయదని!

పాతతోట:
మీరు అన్నది లెక్కే తప్పు అని. నేను అంటున్నది కలిపిన బ్యాచ్‌కు పట్టదని. రెండూ ఒకటే అనుకుంటే సరే, మీ ఇష్టం.

పలమనేరు అక్క:
మీ ఇద్దరి గొడవలో ఆ పిల్ల అడిగింది వదిలేశారు. అమ్మా, నాలుగు రోజులు పండాయన్నావు. పండిన పురుగుల్ని ఏరింది ఎవరు?

మడకశిర కోడలు:
నేనే అక్కా. నేనూ, మా ఆడబిడ్డా. రాత్రి రెండింటికి లేచి బెడ్డు అంచుల్లో పాకేవి చూసి, గాజులాగా లోపల కనిపించేవి ఏరి, గూడు కట్టే చంద్రికల మీద వేసేవాళ్లం. నాలుగు రాత్రులు. పచ్చి పురుగు ఒకటి కలిసినా అది అటూ ఇటూ తిరిగి, పక్క గూటి మీద రెట్ట వేసి మరక చేస్తుంది. మామగారు ఆకు బండ్ల లెక్క చూస్తారు. మిగిలిన కొమ్మ వాడిపోతే అది ఆయనకు నష్టం. ఏరే పని లెక్కలో ఎక్కడా రాదు.

పలమనేరు అక్క:
అదీ సంగతి. మా ఇంట్లోనూ ఇదే. లేవగానే ఆకు వేస్తే తోటలో కోసిన కొమ్మ వాడిపోకుండా అయిపోతుంది, సాయంత్రం కోత మనిషికి పని తగ్గుతుంది. ఆ మిగిలిన పని చివరి వారంలో మన మీద పడుతుంది. మగవాళ్లకు 95 అర్థం కాక కాదు.

సీమ రైతుబిడ్డ:
ఇది వేరే విషయం. పంట పోతే అందరికీ నష్టమే. ఎవరు ఏరారు అనేది పురుగుకు తెలియదు.

పలమనేరు అక్క:
పురుగుకు తెలియదు. చేసేవాళ్లకు తెలుసు. మీ షెడ్డులో ఎవరు ఏరుతారు?

పాతతోట:
నేను ఒప్పుకుంటా, నాకూ ఇది తట్టలేదు. మా ఇంట్లో ఏరేది నేనే కాబట్టి ఆగమని చెప్పడం నాకు సులువు.

ఈ పంటకు మాత్రం ఇలా చేయండి. ఆగకండి, విడదీయండి. ఇప్పుడు బెడ్డు మీద వల పరిచి, దాని మీద పలచగా తాజా కొమ్మలు వేయండి. లేచినవి పైకి ఎక్కుతాయి. అరగంట తర్వాత వలను అలాగే ఎత్తి పక్క బెడ్డులోకి మార్చండి. కింద మిగిలినవి జ్వరంలోవి. వాటికి సున్నం చల్లి, ఆకు వేయకుండా ఉంచండి. వాటిని రేపు రెండో బ్యాచ్‌గా చూడండి. కొత్త తోలు మెత్తగా ఉంటుంది, చేత్తో ఏరితే గాయపడతాయి, వల లేకుండా ఈ పని చేయకండి. గూళ్లు కూడా ఒక్కో బ్యాచ్‌వి ఒక్కో రోజు, విడివిడిగా చంద్రికల నుంచి విప్పుకోవాలి. కలిపి విప్పితే వెనకవాటి లోపల పురుగు ఇంకా మెత్తగా ఉండి నలిగి, గూడు లోపలి నుంచి మరక పడుతుంది. అలాంటివి కలిసిన లాటుకు మార్కెట్లో రేటు దిగుతుంది.

కొబ్బరి నీడ:
గట్టు దగ్గర కొమ్మల్ని వెనక బ్యాచ్‌కు వేయకండి. ముదురు ఆకు తిని ఇంకా వెనకబడతాయి.

సీమ రైతుబిడ్డ:
సమంగా ఉన్న బ్యాచ్‌లోనే అనుకుందాం. మొదట లేచిన పురుగు ఎన్ని గంటలు ఆగగలదు? ఎండాకాలం రేకుల షెడ్డులో 36 డిగ్రీలు ఉన్నప్పుడు కూడా ఆగమంటారా?

పాతతోట:
ఆ వేడిలో నేను 95 దాకా ఆగను. 85 దాకా చూసి పలచగా వేస్తా. ఇది నా అలవాటు, కోర్సు మాట కాదు.

సీమ రైతుబిడ్డ:
చూశారా.

మడకశిర కోడలు:
సాయంత్రం నాలుగింటికి వల వేశాం. సగానికి పైగా ఎక్కాయి. మామగారు వచ్చి చూసి, "రెండు బెడ్లకు రెండుసార్లు కొమ్మలు ఎవరు మోస్తారు?" అన్నారు. ఆడబిడ్డ అంది, "ఏరింది మేమే కదా, మోసేది మీరు చూడండి" అని. ఆయన ఏమీ అనలేదు. కొడవలి తీసుకుని తోటకు వెళ్లారు.