గృహప్రవేశం తేదీ నుంచి వెనక్కి లెక్క: అదనపు రోజులు ప్రతి పనికీ కలపాలా, చివర ఒకేచోట ఉంచాలా?

నెల్లూరు వాసి (సెప్టెంబరు 24)

ఫిబ్రవరి 18న మా గృహప్రవేశం. అన్నయ్య వాళ్లు అమెరికా నుంచి రావడానికి టిక్కెట్లు కొనేశారు, తేదీ మారదు. ఒకటే అంతస్తు. శ్లాబు, గోడలు, గుమ్మాలు అయ్యాయి. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కవేసి, ఒక్కో పనికి కొన్ని రోజులు అదనంగా కలిపాను. గోడల్లో వైరింగ్, నీటి పైపులు 15 రోజులు, లోపలి ప్లాస్టరింగ్ 22, అది ఆరడానికి 28, పుట్టీ నుంచి రంగు మొదటి కోటు వరకు 20, టైల్స్ 20, చివరి కోటు, స్విచ్చులు, కుళాయిలు 12, శుభ్రం చేయడానికి 3. మొత్తం 120. అంటే అక్టోబరు 21న మొదలుపెడితే చాలు. మా బావగారు మాత్రం ఆ అదనపు రోజులన్నీ తీసి ముహూర్తానికి ముందు ఒకేచోట ఉంచమంటున్నారు. ఎవరి లెక్క సరైనది?

సుధారాణి

మీ లెక్కే సరైనది. మా ఇల్లు కట్టినప్పుడు నేనూ ప్రతి పనికీ అయిదో వంతు కలిపాను. ఏ పని ఆలస్యమైతే ఆ పనికి ఉంచిన రోజులే ఖర్చవుతాయి, పక్క పనికి దెబ్బ తగలదు. అన్నీ చివర ఉంచితే మొదటి పనివాళ్లే వాటన్నిటినీ తినేస్తారు, రంగులవాళ్లు వచ్చేసరికి ఏమీ మిగలదు.

గోదావరి గట్టు

అంత హడావుడి ఎందుకండీ? వైశాఖంలో మంచి ముహూర్తాలు ఉంటాయి. పంతులుగారిని అడిగి రెండు నెలలు వాయిదా వేసుకోండి.

నెల్లూరు వాసి

తేదీ మారదని మొదటే రాశానండీ. ఆ తేదీ లోపల రోజులు ఎలా సర్దుకోవాలన్నదే నా ప్రశ్న.

కొలబద్ద

ఇరవై ఏళ్లుగా సైటు ఇంజనీరుగా పనిచేస్తున్నాను. సుధారాణి గారు చెప్పినదానిలో సగం నిజం ఉంది. ఆలస్యమైన పనికి దాని పక్కన ఉంచిన రోజులు పనికొస్తాయి. కానీ ఆ పని ముందే పూర్తయితే ఏమవుతుంది? ప్లాస్టరింగ్‌కు 22 రోజులని చెబితే 15 రోజుల్లో ముగించగలిగిన మేస్త్రి కూడా 22 రోజులూ వాడతాడు. మొదటి వారం ఇద్దరినే పంపి, మిగిలినవాళ్లను ఇంకో సైటులో ఉంచుతాడు. ఒకవేళ 15 రోజుల్లోనే ముగించినా, పుట్టీవాళ్లకు మీరు చెప్పిన తేదీ ఇంకా రాలేదు కాబట్టి వాళ్లు రారు. ఆలస్యం తరువాతి పనికి చేరుతుంది, మిగిలిన సమయం మాత్రం చేరదు. అందుకే మీ బావగారి మాట సరైనది.

మీ పట్టికలో మరో పెద్ద లోపం ఉంది. అందులో సంక్రాంతి లేదు. భోగికి నాలుగు రోజుల ముందే పనివాళ్లు ఊళ్లకు వెళతారు, కనుమ దాటిన రెండు మూడు రోజులకు గానీ తిరిగి రారు. పది రోజులు పోయినట్టే. ఇది అనుకోకుండా వచ్చే ఆలస్యం కాదు, క్యాలెండర్లో కనిపిస్తున్న సెలవు. దాన్ని అదనపు రోజుల్లోంచి తీయకూడదు, లెక్కలో విడిగా రాసుకోవాలి. దీపావళికి మూడు రోజులు కూడా అంతే.

ఇప్పుడు అదనం తీసేసి చూద్దాం. ఆదివారాలు కలుపుకొని పైపులు 10, ప్లాస్టరింగ్ 15, ఆరడం 28, పుట్టీ నుంచి మొదటి కోటు వరకు 14, టైల్స్ 15 (చివరి మూడు రోజులు ఎవరూ నడవకూడదు), చివరి పనులు 8, శుభ్రం 2. మొత్తం 92. పండుగలకు 13 కలిపితే 105. ముహూర్తానికి ముందు 20 రోజులు ఖాళీగా ఉంచితే 125. వెనక్కి లెక్కిస్తే అక్టోబరు 16 వస్తుంది. మీ తేదీకి అయిదు రోజులు మాత్రమే ముందు. కానీ ఇందులో సంక్రాంతి ఉంది, 20 రోజులు మీ చేతిలో ఉన్నాయి.

ఆ 20 ఎలా వచ్చిందంటే, మీరు కలిపిన అదనం 28 రోజులు. అన్ని పనులూ ఒకేసారి ఆలస్యం కావు కాబట్టి మామూలుగా అందులో సగం, అంటే 14 చాలు. మీది నెల్లూరు కాబట్టి నేను పెంచాను. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు వరకే అసలు వానలు. తుపాను పడితే కరెంటు పని, తాపీ పని, గోడ ఆరడం అన్నీ కలిసే ఆగుతాయి. అన్నిటినీ ఒకే కారణం ఆపే చోట సగం సరిపోదు.

మేస్త్రిగారి అబ్బాయి

మా నాన్న తాపీ మేస్త్రి, నేనూ ఆ పనిలోనే ఉన్నాను. కొలబద్ద గారి లెక్క బాగుంది, కానీ ఇద్దరిని పంపడం గురించి ఒక మాట చెప్పాలి. మాకు ఒకేసారి మూడు ఇళ్లు నడుస్తుంటాయి. ఏ యజమాని దగ్గర ఇసుక, సిమెంటు, నీళ్లు, డబ్బు సిద్ధంగా ఉంటే మనుషులు అటే వెళతారు. 15 రోజుల్లో ముగించమని ఒత్తిడి చేసే యజమాని దగ్గరే ఆరో రోజుకు ఇసుక అయిపోతుంది. అప్పుడు మేము ఖాళీగా కూర్చోలేం, కూలీలకు శనివారం డబ్బులివ్వాలి.

ఇంకొకటి. 20 రోజులు ఉన్నాయని మేస్త్రికి చెప్పకుండా దాచమని చాలామంది సలహా ఇస్తారు. దాచకండి. తుది తేదీ వారం ముందని అబద్ధం చెబితే పంతులుగారి నోటనో, పక్కింటివాళ్ల నోటనో అసలు తేదీ మాకు తెలిసిపోతుంది. ఆ తరువాత మీరు ఏ తేదీ చెప్పినా ఎవరూ లెక్కచేయరు.

సుధారాణి

నాకు మాత్రం చెప్పడం నచ్చదు. చెప్పిన రోజే అవి వాళ్లవి అయిపోతాయి. నా అనుభవం అదే.

కొలబద్ద

ఈ ఒక్క విషయంలో నేను సుధారాణి గారికీ, మేస్త్రిగారి అబ్బాయికీ మధ్యలో ఉంటాను. 20 రోజులున్నాయని చెప్పండి, కానీ అవి ఏ ఒక్క పనివీ కావని కూడా చెప్పండి. ఎవరికీ ముగింపు తేదీ ఇవ్వకండి. "ముందు పని పూర్తయ్యే నాలుగు రోజుల ముందు ఫోను చేస్తాను, వెంటనే రావాలి" అని ఒప్పించుకోండి. డబ్బు కూడా తేదీని బట్టి కాక, పని పూర్తయినదాన్ని బట్టి ఇవ్వండి. ఇసుక గురించి మేస్త్రిగారి అబ్బాయి అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. ఏ పనికైనా సామాను నాలుగు రోజుల ముందే సైటులో ఉండాలి.

నెల్లూరు వాసి

కిటికీల సంగతి చెప్పండి. గోడలు ప్లాస్టరింగ్ అయ్యాకే కొలతలు తీసుకుంటామని, ఆ తరువాత 30 రోజుల్లో ఇస్తామని దుకాణంవాళ్లు అంటున్నారు. మీ లెక్క ప్రకారం చివరి కోటు జనవరి 19న మొదలవుతుంది కదా, కిటికీలు అప్పటికి వస్తే చాలు. వెనక్కి లెక్కిస్తే డిసెంబరు 20 వరకు ఆర్డరు ఇవ్వకుండా ఆగవచ్చు. డబ్బు కొంతకాలం చేతిలో ఉంటుంది.

కొలబద్ద

ఆగకండి. వెనక్కి లెక్కవేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆ లెక్క ప్రతి పనికీ చిట్టచివరి తేదీని చూపిస్తుంది. దాన్నే మొదలుపెట్టే తేదీ అనుకుంటే మిగతా పనులకు పక్కగా సాగే కిటికీల పని ఒక్కరోజు ఆలస్యమైనా ఇల్లంతా ఆగుతుంది. ప్లాస్టరింగ్ నవంబరు 12కు అవుతుంది, ఆ వారమే కొలతలు ఇప్పించండి. కిటికీలు డిసెంబరు మధ్యలో వస్తాయి. నెలకు పైగా ఎడం ఉంటుంది. కొలత తప్పి ఒక చట్రం వెనక్కి పంపాల్సి వచ్చినా ఆ ఎడంలో సరిపోతుంది, మీ 20 రోజులు కదలవు.

సుధారాణి

గోడ ఆరడానికి 28 రోజులు మరీ ఎక్కువ. అక్కడ పది రోజులు తగ్గించుకుంటే ఈ బాధలన్నీ ఉండవు కదా? మా ఇంట్లో రెండు వారాలకే పుట్టీ పెట్టారు, ఏమీ కాలేదు.

గోదావరి గట్టు

మా ఇంట్లో అయింది. వానాకాలంలో తొందరపడి పుట్టీ పెట్టించాను. మూడు నెలలకు పడకగది గోడ మీద అరచేయంత బుడగలు లేచాయి. గోరుతో గీస్తే రంగు, పుట్టీ కలిసి అప్పడంలా ఊడి వచ్చాయి, లోపల తెల్లటి ఉప్పు పొడి. ఆ గోడ మొత్తం గీకించి మళ్లీ వేయించాను.

కొలబద్ద

సుధారాణి గారి ఇల్లు మార్చిలోనో ఏప్రిల్లోనో ప్లాస్టరింగ్ అయి ఉంటుంది. ఎండాకాలంలో త్వరగా ఆరుతుంది. నవంబరు నెల్లూరులో 28 కూడా చాలకపోవచ్చు. మొదటి ఏడు రోజులు మనమే గోడ తడుపుతాం, ఆ తరువాతే ఆరడం మొదలవుతుంది. ఎక్కువ మందిని పెట్టి తగ్గించగలిగిన పని కాదిది. ఫ్యాను పెట్టి, కిటికీలు తెరిచి ఉంచడం తప్ప చేసేదేమీ లేదు.

రోజులు లెక్కించడం కన్నా గోడను చూడడం మేలు. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరబడకుండా అంటించండి. మర్నాడు విప్పండి. లోపలివైపు చెమ్మ పట్టినా, గోడ ముదురు రంగుకు మారినా ఇంకా ఆరలేదు.

చివరిగా, 20 రోజుల్లో ఎన్ని పోయాయన్నది ఒక్కటే చూడకండి. ఎంత పని అయిందో దాని పక్కన పెట్టి చూడండి. ప్లాస్టరింగ్ ముగిసేసరికి 92లో 25 రోజుల పని అయినట్టు, అంటే నాలుగో వంతుకు కొంచెం ఎక్కువ. అప్పటికే 20లో పది పోయి ఉంటే వెంటనే ఏదో ఒకటి చేయాలి. అదే పది టైల్స్ ముగిశాక పోతే కంగారు అక్కర్లేదు. ఏదో ఒకటి చేయడమంటే, ముహూర్తానికి నిజంగా ఏమేం కావాలో ముందే రాసుకోవడం. సింహద్వారం, పూజగది, పాలు పొంగించే వంటగది, హాలు, ఒక స్నానాలగది, కరెంటు, నీళ్లు. మిగిలిన గదులు తరువాతైనా పూర్తి చేసుకోవచ్చు. ఆ జాబితా ఇప్పుడే రాయండి. ఫిబ్రవరిలో రాస్తే ఇంట్లో గొడవలవుతాయి.

మేస్త్రిగారి అబ్బాయి

టైల్స్ చివరి మూడు రోజులను సంక్రాంతి సెలవుల్లోకి నెట్టండి. ఎవరూ నడవకూడని రోజులకు అంతకన్నా మంచి సమయం దొరకదు.

నెల్లూరు వాసి (డిసెంబరు 15)

అక్టోబరు 16నే మొదలుపెట్టాం. ప్లాస్టరింగ్ నవంబరు 12కు బదులు 17న ముగిసింది. మూడు రోజులు వాన వల్ల, రెండు రోజులు ఇసుక లారీ రాకపోవడం వల్ల పోయాయి. ఇసుక రాని ఆ రెండు రోజులూ నా తప్పే. మేస్త్రికి 20 రోజుల సంగతి చెప్పాను. ఇప్పటివరకు ఆయన వాటి జోలికి రాలేదు, సుధారాణి గారు భయపడినట్టు జరగలేదు. రంగులవాళ్లకు మాత్రం ఇంకా చెప్పలేదు.

కిటికీలు నిన్న దిగాయి. వంటింటి కిటికీ చట్రం ఒకటి అంగుళం పెద్దదిగా వచ్చింది, వెనక్కి పంపాను. ఈ రోజుతో 28 రోజులు నిండాయి. రాత్రి అయిదు గదుల్లోనూ ప్లాస్టిక్ అంటించి ఉదయం విప్పి చూశాను. హాలు, పూజగది, వంటగది, ముందు పడకగది పొడిగా ఉన్నాయి. ఉత్తరం వైపు పడకగదిలో కాగితం లోపల నీటి చుక్కలు కనిపించాయి. రేపటి నుంచి ఆ నాలుగు గదుల్లో పుట్టీ మొదలుపెడుతున్నాం. ఆ గది మన జాబితాలో లేదు కాబట్టి రెండు కిటికీలూ తెరిచి వదిలేశాను. వారం తరువాత మళ్లీ కాగితం అంటిస్తాను.